తప్పుల్లేని డైరీ

నందిగామలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో మెర్లిన్ చెయ్యి మంచిదని పేరు. పసిపిల్లలకు సెలైన్ ఎక్కించాలంటే నరం దొరక్క డాక్టర్లే ఆమెను పిలుస్తారు. నరం పట్టడంలో అంత నేర్పున్న మనిషి జర్మన్ భాషలో ఒక కాగితం నిండా రాయమంటే చేతులెత్తేసింది. మాట్లాడే పరీక్ష పాసైంది, వినేది పాసైంది, చదివేది కూడా పాసైంది. రాసే పరీక్ష మాత్రం పోయింది. నాలుగిట్లో ఏది పోతే అదొక్కటే మళ్ళీ రాసుకోవచ్చు కాబట్టి ఇంకా ఆశ మిగిలింది.

ఆ ఆశకు ఇంట్లో ఒక హద్దు గీశారు. మెర్లిన్ భర్త శాంతికుమార్‌కు ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. మెత్తటి మనిషి, కానీ ఏ సంగతీ ఎటూ తేలకుండా వేలాడుతుంటే సహించలేడు. ఫలితం వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

"ఇంకొక్కసారి రాయి మెర్లిన్. వస్తే వెళ్తావు, మేం తర్వాత వస్తాం. రాకపోతే ఈ జర్మనీ గొడవ ఇంతటితో వదిలేద్దాం. పాప స్కూలు, అమ్మ ఆరోగ్యం, ఏదీ అనుకోడానికి లేకుండా పోతోంది."

"సరేనండి," అంది మెర్లిన్.

ఆ 'సరే' అన్నంత తేలిగ్గా లేదు లోపల. పదకొండేళ్ళుగా అదే వార్డు, అవే మంచాలు. చదువు అయిపోయిన రోజునే పెద్ద ఆసుపత్రిలో, మంచి దేశంలో పనిచేయాలని మనసులో అనుకుంది. పెళ్ళి, కాన్పు, మామగారి జబ్బు, ఒక్కోటీ వచ్చి ఆ కోరికను పక్కకు జరిపాయి. ఇప్పుడు అక్కడి ఆసుపత్రి వాళ్ళు మాట్లాడి చూసి తీసుకుంటామన్నారు. జర్మన్ పరీక్షల్లో బి2 అనే మెట్టు ఎక్కితే చాలు. ఎక్కకపోతే ఈ జన్మకు ఇంతే. అది ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

జర్మన్ నేర్పే సుస్మిత కంచికచర్ల వాళ్ళమ్మాయి. భర్తతో కొన్నేళ్ళు అక్కడ ఉండి వచ్చి, నందిగామలో ఒక మందుల షాపు మేడమీద గది తీసుకుని నర్సులకు క్లాసులు చెబుతోంది. నవ్వుతూనే నిలదీసే రకం. మెర్లిన్ ఏడుపు ముఖంతో వెళ్తే, మంచినీళ్ళు ఇచ్చి, ముందు ఒక ప్రశ్న అడిగింది.

"మీరు జర్మన్‌లో రాసేది వారానికెంత?"

"క్లాసులో మీరు ఇచ్చినప్పుడు రాస్తా మేడమ్."

"అంటే ఈత నేర్చుకోడానికి శనివారం శనివారం కాలువకెళ్తున్నారన్నమాట."

మెర్లిన్ తల దించుకుంది. సుస్మిత తెల్లకాగితం తీసి నెల రోజుల ప్రణాళిక గీసింది. రోజూ ఒక పేజీ డైరీ, జర్మన్‌లో. మొదటి వారం జరిగింది జరిగినట్టు. రెండో వారం మనుషుల్నీ చోట్లనీ వర్ణించడం, ఒకదానితో ఒకటి పోల్చడం. మూడో వారం అభిప్రాయాలు: ఏమనుకుంటున్నావు, ఎందుకనుకుంటున్నావు, కాదనేవాళ్ళకు ఏం చెబుతావు. చివరివారం పరీక్షలో అడిగేలాంటి ప్రశ్నలు, గడియారం పెట్టుకుని.

"రాసేటప్పుడు నిఘంటువు తెరవొద్దు, ఫోను ముట్టుకోవద్దు. మాట తోచకపోతే అక్కడ తెలుగులో రాసేసి ముందుకెళ్ళండి. ఆగారంటే మళ్ళీ కదలరు. రాసినరోజు దిద్దొద్దు. మర్నాడు, కళ్ళు కొత్తగా ఉన్నప్పుడు దిద్దండి. పైకి చదవండి. అన్ని తప్పులూ ఒకేసారి వెతకొద్దు. ఒకసారి చదివితే క్రియ ఎక్కడుందో అది మాత్రమే చూడాలి. ఇంకోసారి నామవాచకాల ముందుండే డెర్, డీ, డాస్ లాంటి ఆ చిన్న మాటలు. ఇంకోసారి పెద్దక్షరాలు."

"నేనే దిద్దుకోవాలా? మీరు దిద్దరా?"

"చివరివారం చూసి, ఏ లైనులో తప్పుందో గీత గీస్తా. ఏం తప్పో చెప్పను. పరీక్ష హాల్లోకి నేను రాను కదా."

ఇక తప్పుల పట్టిక. వేరే పుస్తకం. తాను రాసిన తప్పు వాక్యం, దాని పక్కన సరైనది, ఆ తప్పు ఏ జాతిదో, ఎందుకు చేసిందో. తప్పులన్నీ ఎక్కించి పుస్తకం నింపొద్దు, మళ్ళీ మళ్ళీ వచ్చేవే ఎక్కించాలి. వారం చివర కూర్చుని ఏ జాతి తప్పు ఎక్కువగా వస్తోందో చూసి, తర్వాతి వారం కావాలని ఆ జాతి వాక్యాలే రాయాలి. మెర్లిన్ అంతా రాసుకుంది. తిరిగి వచ్చే బస్సులో ఆ కాగితం మడతలు విప్పి మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఇంత స్పష్టంగా దారి కనిపించడం ఆమెకు చాన్నాళ్ళకు జరిగింది.

మొదటి వారం నిజంగానే బాగా సాగింది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక నర్సులు బట్టలు మార్చుకునే గదిలో, ఇనప బీరువా పక్కన స్టూలు మీద కూర్చుని రాసేది. మర్నాడు పొద్దున తమ ఊరు జగ్గయ్యపేటలో బస్సెక్కి, చిల్లకల్లు దాటి బస్సు హైవే ఎక్కాక, ఎర్ర పెన్ను తీసి దిద్దేది. మొదటి పేజీ చూసి ఆమెకే జాలేసింది. నామవాచకమన్నది ఎక్కడున్నా జర్మన్ వాళ్ళు పెద్దక్షరంతో మొదలెడతారు, ఈమె సగం చోట్ల మర్చిపోయింది. 'ఎందుకంటే' అని మొదలుపెడితే ఆ ముక్కలో క్రియ చివరికి పోవాలి. తెలుగువాళ్ళకు క్రియ చివర పెట్టడం పుట్టుకతో వచ్చిన విద్యే, అయినా ఈమె ఇంగ్లీషు అలవాటు కొద్దీ మధ్యలో పెట్టింది. పట్టికలో 'ఎందుకు చేశాను' అన్న గడిలో 'ఇంగ్లీషులో ఆలోచించాను' అని రాసుకుని తనలో తాను నవ్వుకుంది.

రెండోవారం నుంచి అసలు కథ మొదలైంది. మెర్లిన్‌కు తెలియకుండానే మొదలైంది.

నర్సులు వార్డులో రోజూ రాసే నోట్సు ఒకటుంటుంది. పేషెంటు ఎలా ఉన్నాడు, ఏం మందిచ్చాం, జ్వరం ఎంత, కొత్తగా ఏమైనా చెప్పాడా. నలభైమంది పేషెంట్లకు ఇద్దరే నర్సులుంటే కవిత్వం రాసే తీరికుండదు. నిన్నటి నోట్సు చూసి తేదీ మార్చి, 'పరిస్థితి నిలకడగా ఉంది, కొత్త ఇబ్బందులు లేవు' అని రాసి సంతకం పెట్టేస్తారు. అది తప్పూ కాదు, అబద్ధమూ కాదు. మార్పేమీ లేని రోజు అంతకంటే రాయాల్సిందీ ఉండదు. పదకొండేళ్ళుగా అదే రాత రాసిన చెయ్యి జర్మన్ డైరీలోనూ అదే దారి పట్టింది. పొద్దున లేచాను. బస్సెక్కాను. డ్యూటీకి వెళ్ళాను. ఎండగా ఉంది. అన్నం తిన్నాను. ఇంటికి వచ్చాను. రేపు మళ్ళీ వెళ్తాను.

రోజూ రాస్తోంది, ఒక్కరోజూ మానలేదు. ప్రణాళికలో 'ఒక మనిషిని వర్ణించు' అని ఉన్న రోజు 'మా వార్డులో ఆయా లావుగా ఉంటుంది, మంచిది' అని రెండు ముక్కలు రాసి, మిగతా పేజీ మళ్ళీ బస్సుతోనూ ఎండతోనూ నింపింది. 'నీ అభిప్రాయం రాయి' అన్న రోజు 'నా అభిప్రాయంలో ఇది మంచిది' అని రాసి ముగించింది. తెలిసిన మాటలే, తెలిసిన వరసే. తప్పులు ఎక్కడి నుంచి వస్తాయి? పట్టికలో మొదటి వారం రెండు పేజీలు నిండితే, రెండో వారం అర పేజీ, మూడో వారం మొదట్లో నాలుగు లైన్లు.

ఆ నాలుగు లైన్లు చూసి మెర్లిన్ పొంగిపోయింది. ఆ సాయంత్రం శాంతికుమార్ బూట్లు విప్పుతుండగానే పుస్తకం ఆయన మొహం ముందు పెట్టింది.

"చూడండి, తప్పులు ఎలా తగ్గాయో."

"అబ్బో," అన్నాడు శాంతికుమార్, ఒక్క అక్షరం అర్థం కాకపోయినా. "అయితే ఈసారి గ్యారంటీ అన్నమాట. పాస్‌పోర్టు ఎక్కడ పెట్టావో చూసుకో."

లోపలి నుంచి అత్తగారు పున్నమ్మ అంతా విన్నది. పున్నమ్మ ఏదీ కడుపులో దాచుకునే మనిషి కాదు. శుక్రవారం ఆడవాళ్ళ ప్రార్థన కూడికలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పే సమయం వస్తే ఎప్పుడూ మొదట లేచేది ఆవిడే. ఆ శుక్రవారం కూడా లేచి, చెంగు భుజం చుట్టూ కప్పుకుని, నిండు గొంతుతో చెప్పింది.

"మా కోడలు ఆ పరాయి భాషలో రోజూ రాస్తా ఉంది. మొదట్లో కాగితం నిండా ఎర్రగీతలే. ఇప్పుడు దేవుడి కృప వల్ల తప్పులన్నీ పోయినాయి. ఒక్క తప్పు లేదు. మీరందరూ ప్రార్థన చేసినందుకు వందనాలు."

అందరూ స్తోత్రం అన్నారు. మెర్లిన్ చాప మీద కూర్చుని సిగ్గుతోనూ గర్వంతోనూ ఎర్రబడింది. కూడిక అయ్యాక పేటలో సగం మంది ఆమె చెయ్యి పట్టుకుని ఎప్పుడు ప్రయాణం అని అడిగారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె పక్కన ఆడుకుంటున్న కూతురు మహిమ వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. మహిమకు ఐదేళ్ళు. జర్మనీ వెళ్తే ఏడాదో, ఏడాదిన్నరో పాప ఇక్కడే ఉండాలి. అక్కడ ఉద్యోగం కుదురుకుని, ఇల్లు దొరికాక గానీ తండ్రీకూతుళ్ళు రావడం కుదరదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పాపకు చెప్పే పని మాత్రం ఎప్పటికప్పుడు రేపటికి పడిపోతోంది.

మర్నాడు శనివారం. మేడమీది గదిలో సుస్మిత చెప్పాపెట్టకుండా నమూనా పరీక్ష పెట్టింది. ప్రశ్న ఇదీ: రాత్రి డ్యూటీలు చేసే తల్లులకు ఉద్యోగంలో ప్రత్యేకమైన వెసులుబాటు ఇవ్వాలా? మీ అభిప్రాయం చెప్పండి, కారణాలు చెప్పండి, వేరే మార్గాలు సూచించండి, వాటిలోని లాభాలు చెప్పండి.

మెర్లిన్ ప్రశ్న చదివింది. ఇది తన ప్రశ్న. ఈ ప్రశ్న మీద తెలుగులో అడిగితే సాయంత్రం దాకా మాట్లాడగలదు. పెన్ను తీసింది. 'నా అభిప్రాయంలో ఇది మంచిది' అని రాసింది. తర్వాత? ఎందుకు మంచిది? పాప నిద్ర లేచేసరికి తల్లి పక్కన లేకపోతే ఎలా ఉంటుందో చెప్పాలి. చెప్పాలంటే 'అయినప్పటికీ' కావాలి, 'ఒకవేళ' కావాలి, 'దానివల్ల' కావాలి. అవన్నీ ఆమెకు వచ్చు, పుస్తకంలో కనిపిస్తే గుర్తుపడుతుంది. చేతిలోంచి మాత్రం ఒక్కటీ రావడం లేదు. ఒక వాక్యం మొదలెట్టి, కొట్టేసి, ఇంకోటి మొదలెట్టి, దాన్నీ సగంలో వదిలేసింది. టైము అయిపోయేసరికి కాగితం మీద ఏడెనిమిది లైన్లున్నాయి. అందులో మొదటి వారం తప్పులే, అవే, చెక్కుచెదరకుండా తిరిగొచ్చి కూర్చున్నాయి.

సుస్మిత ఆ కాగితం చూసి పక్కన పెట్టింది. మిగతా వాళ్ళందరూ వెళ్ళాక, "మీ డైరీ ఇవ్వండి," అంది. పేజీలు తిప్పింది. మెల్లిగా తిప్పింది.

"ఇది డైరీ కాదు మెర్లిన్. ఇది కేస్ షీటు."

"మేడమ్..."

"పరిస్థితి నిలకడగా ఉంది, కొత్త ఇబ్బందులు లేవు. అంతేగా ఉన్నది? మూడు వారాలు మీరు తప్పులు దిద్దుకోలేదు. తప్పు వచ్చే చోటికి వెళ్ళడం మానేశారు." ఇంకో పేజీ తిప్పింది. "మీ ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మా ఆయన, అత్తయ్య, పాప."

సుస్మిత తలెత్తింది. "మీకు పాప ఉందా?"

"ఐదేళ్ళు మేడమ్. మహిమ."

"మూడు వారాల డైరీలో ఐదేళ్ళ పాప ఒక్కసారి కూడా లేదే. బస్సు కండక్టరు నాలుగుసార్లు ఉన్నాడు."

జవాబు ఏమిటో మెర్లిన్‌కు అప్పుడే తెలిసింది. పాప గురించి రాయాలంటే వెళ్ళడం గురించి రాయాలి. వెళ్ళడం గురించి రాయాలంటే భయం గురించి రాయాలి. ఆ వాక్యాలు కష్టమైనవని కాదు ఆమె వాటిని తప్పించుకున్నది. ఆ సంగతే కష్టమైంది. నెపం భాష మీదికి నెట్టేసి మూడు వారాలుగా హాయిగా బతికింది.

"ఇంకా పదిరోజులుంది," అంది సుస్మిత, ఈసారి మెత్తగా. "ప్రణాళిక మారుద్దాం. ఇవాళ్టి నుంచి తప్పులేని పేజీ లెక్కలోకి రాదు. ప్రతి పేజీలో మీకు ఎలా చెప్పాలో తెలియని సంగతి ఒకటి ఉండాలి. చెప్పి తీరాలి. తప్పొస్తే రానీ. తప్పు కనపడితేనే కదా మనం దాన్ని పట్టుకునేది."

బస్సులో మెర్లిన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. లారీలు హోరెత్తిస్తూ పక్కనుంచి పోతున్నాయి. నిన్న రాత్రి స్తోత్రం అన్న గొంతులన్నీ చెవుల్లో మోగాయి. ఒక్క తప్పు లేదు అని అత్తగారు చెప్పిన మాట తలుచుకుంటే బస్సు దిగి ఎటైనా పారిపోవాలనిపించింది. అయినా పుస్తకం తీసింది, ఊగుతున్న బస్సులోనే రాసింది. చెల్లాచెదురు అక్షరాలతో, మధ్యమధ్య తెలుగు మాటలతో. మహిమ అన్నం తినేటప్పుడు నా చెవి పట్టుకుంటుంది. నేను వెళ్ళిపోతే ఎవరి చెవి పట్టుకుంటుంది? తర్వాతి వాక్యం రాయడానికి జగ్గయ్యపేట వచ్చేదాకా పట్టింది. నేను తిరిగి వచ్చేసరికి పాప నన్ను మర్చిపోతుందేమోనని నాకు భయంగా ఉంది.

మర్నాడు ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఎర్ర పెన్ను తీసింది. క్రియలు వెతుకుతూ ఒకసారి చదివింది. భయంగా ఉంది అన్న చోట ఆగింది. క్రియ తప్పు చోట ఉంది. అది చూసి దిద్దాలి. కానీ కళ్ళు క్రియ మీద ఆగకుండా మాట మీద ఆగుతున్నాయి. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చదివి, దిద్దింది. పట్టికలో ఎక్కించింది. 'ఎందుకు చేశాను' అన్న గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేసింది.

రోజూ అదే. పాప గురించి, భర్త గురించి, అత్తగారి మోకాళ్ళ గురించి, చచ్చిపోయిన పేషెంటు గురించి, ఎందుకు వెళ్ళాలనుకుంటున్నదో దాని గురించి. పేజీలన్నీ ఎర్రగా అయ్యాయి. తప్పుల పట్టిక మూడు పేజీలు దాటింది. ఆమెకే భయమేసింది. ఒక సాయంత్రం శాంతికుమార్ మంచం మీద తెరిచి ఉన్న పుస్తకం చూశాడు.

"ఏంటిది? మొన్న తప్పుల్లేవన్నావు. మళ్ళీ మొదటికొచ్చిందేంటి?"

"మొన్నటిది అబద్ధమండి. ఇదే నిజం."

"అంటే? పరీక్షకి వారం కూడా లేదు మెర్లిన్." గొంతు పెంచకుండానే కోపం తెచ్చుకున్నాడు. "ఇలాగైతే ఎందుకు మనకీ తిప్పలు? వచ్చే నెలకి వాయిదా వేసుకోరాదూ?"

"వాయిదా వేస్తే మళ్ళీ ఇంకోటి వస్తుంది. మీరే అన్నారుగా, ఒక్కసారేనని."

గుమ్మంలోంచి పున్నమ్మ కలగజేసుకుంది. "అమ్మాయ్, కూడికలో అందరి ముందూ చెప్పా. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?"

"మీరు చెప్పింది తప్పు కాదత్తయ్యా, నేను మీకు చెప్పిందే తప్పు," అంది మెర్లిన్. ఎప్పుడూ అత్తగారికి అంత సూటిగా జవాబు చెప్పలేదు. పున్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు పెట్టే చప్పుడు కూడా గట్టిగానే వినపడింది.

కానీ పట్టికలో ఒక సంగతి కనపడసాగింది. మూడు పేజీల తప్పులు చూడ్డానికి వందలా ఉన్నాయి గానీ, జాతులు వేరుచేసి చూస్తే నాలుగే. కారణం చెప్పేటప్పుడు క్రియ చోటు. ఇంటి వాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఆ చిన్న మాటలు. 'ఒకవేళ' అన్నప్పుడు కాలం. పెద్దక్షరాలు. ఇన్ని వేషాల్లో వచ్చింది ఆ నలుగురే. ఎదుటి మనిషి ఎవరో తెలిశాక భయం సగం తగ్గింది. మెర్లిన్ ఆ నాలుగూ ఒక చిన్న కాగితం మీద రాసుకుని, ఏ వరసలో వెతకాలో నోటికి వచ్చేలా చేసుకుంది. చివరి మూడు రోజులూ గడియారం పెట్టుకుని రాసి, ఆఖరి పది నిమిషాలు ఆ వరసలో వెతకడం అలవాటు చేసుకుంది. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. దొరకనివి సుస్మిత గీతలు గీస్తే కనిపించాయి.

హైదరాబాదులో పరీక్ష. శాంతికుమార్ తోడు వచ్చాడు. ప్రశ్న పాప గురించి కాదు, తల్లుల గురించీ కాదు. ఊళ్ళల్లో సొంత వాహనాల వాడకం తగ్గించాలా అని. మెర్లిన్ ఒక్క క్షణం ఖాళీగా చూసింది. తర్వాత తన బస్సు గుర్తొచ్చింది, జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా నిలబడి వచ్చే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. రాసింది. 'అయినప్పటికీ' అని మొదలుపెట్టి భయపడకుండా చివరిదాకా వెళ్ళింది. రెండో ప్రశ్నకు పై అధికారికి మర్యాదగా ఒక సందేశం రాసింది. ఆఖరి పది నిమిషాలూ తన నలుగురు శత్రువుల్నీ వరసగా వెతికింది. క్రియల్లో రెండు దొరికాయి. వాటి మీద ఒక్కో గీత కొట్టి, పైన సరైనది రాసింది. ఇంకో వాక్యం సరిగ్గా లేదని అనిపించింది గానీ ఏం తప్పో తేలలేదు. దాన్ని అలాగే వదిలేయాల్సొచ్చింది.

"ఎలా రాసావ్?" అన్నాడు బయట శాంతికుమార్.

"తప్పులున్నాయండి. కానీ చెప్పాల్సింది చెప్పా."

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో ఎవరూ జర్మనీ పేరెత్తలేదు. పున్నమ్మ కూడికలో వెనక వరసలో కూర్చుంది, సాక్ష్యానికి లేవలేదు. ఫలితం వచ్చిన రోజు మెర్లిన్ వార్డులో ఉంది. ఫోన్ తెరవడానికి చేతులు రాక, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, స్టూలు మీద కూర్చుని తెరిచింది. నూటికి అరవై వస్తే పాసు. ఆమెకు అరవై ఎనిమిది.

ఏడ్చింది. నవ్వింది. శాంతికుమార్‌కు ఫోన్ చేస్తే ఆయన ఫ్యాక్టరీలో లారీల మోతలో, "ఏంటీ? ఏంటీ?" అని మూడుసార్లు అడిగి, విని, ఇంటికి బయల్దేరాడు. సాయంత్రానికి ఇంటి ముందు చెప్పులు నిండిపోయాయి. పున్నమ్మ అందరికీ స్వీట్లు పంచుతూ, ఈసారి తప్పుల ఊసెత్తకుండా, "పాసయింది, అంతే," అని మాత్రం చెప్పింది. అందరూ మెర్లిన్ చేయి పట్టుకుని ఎప్పుడు ప్రయాణం అని అడుగుతున్నారు. ఇక చూపు తిప్పుకోడానికి చోటు లేదు.

ఆమె లేచి మహిమను పెరట్లోకి తీసుకెళ్ళింది. మసక సాయంత్రం, నీళ్ళ తొట్టి పక్కన బట్టలుతికే బండ. దాని మీద కూర్చుని పాపను ఎదురుగా నిలబెట్టుకుంది. పరాయి భాషలో ఇదే మాట ఎన్నిసార్లు రాసిందో, ఎన్నిసార్లు దిద్దిందో. సొంత భాషలో, సొంత బిడ్డ ముందు, నోరు పెగలడం లేదు.

"అమ్మ... అమ్మకు ఒకచోట ఉద్యోగం వచ్చింది తల్లీ. అది... చాలా దూరం. అంటే, బస్సులో పోయేంత కాదు..."

"జర్మనీ," అంది మహిమ.

"నీకెవరు చెప్పారు?"

"అందరూ చెప్తారుగా. నాన్న ఫోన్లో చెప్తాడు. నానమ్మ పక్కింటావిడకి చెప్తది. నువ్వొక్కదానివే చెప్పలా."

మెర్లిన్ పాప ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఎంతకాలంగా ఎదురుచూస్తోందో తెలియదు గానీ, అడగాలనుకున్న ప్రశ్న ఒకటి మాత్రం సిద్ధంగా ఉంచుకున్నట్టుంది. చెయ్యి చాచి తల్లి చెవి తమ్మె పట్టుకుని అడిగింది.

"అక్కడికెళ్ళాక నువ్వు నన్ను మర్చిపోతే?"

నెల రోజులుగా మెర్లిన్ భయపడింది పాప తనను మర్చిపోతుందనే. అమ్మే తనను మర్చిపోతుందేమోనని అదే భయం ఇంత చిన్న గుండెలో కూడా ఉంటుందని ఆమెకు ఒక్కసారైనా తట్టలేదు. పాపను దగ్గరికి లాక్కుని గట్టిగా పట్టుకుంది. మర్చిపోనని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.